టీవీకి ఎదురు చెప్పిన టేపులు

1973లో అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా, కార్లొటా ఫే స్కూల్‌మన్ కలిసి ఆరేడు నిమిషాల వీడియో టేపు ఒకటి తయారు చేశారు. అందులో మనుషులు లేరు, దృశ్యాలు లేవు. నీలం తెర మీద అక్షరాలు కిందినుంచి పైకి మెల్లగా జరుగుతుంటాయి. వెనక లిఫ్టుల్లో, పెద్ద దుకాణాల్లో వినిపించే రకం మెత్తటి సంగీతం వస్తుంటుంది. ఆ అక్షరాల సారాంశం ఇది: టీవీ కంపెనీ అమ్మే సరుకు కార్యక్రమం కాదు, ప్రేక్షకుడు. కొనేవాడు ప్రకటనదారు. కార్యక్రమం ఆ ప్రేక్షకుణ్ని కుర్చీలో కూర్చోబెట్టి ఉంచే ఎర మాత్రమే. టేపు పేరు ‘టెలివిజన్ డెలివర్స్ పీపుల్’. అంటే టీవీ మనకు వార్తల్నీ కథల్నీ అందిస్తోందని మనం అనుకుంటుంటే, నిజానికి అది మనల్నే మూటగట్టి మరొకరికి అందిస్తోందన్నమాట.

వీడియో ఆర్ట్ అనే మాట వినగానే చాలామందికి చీకటి గదిలో అర్థంకాని బొమ్మలేవో కదలడం గుర్తొస్తుంది. కానీ దాని తొలి ఇరవై ఏళ్లలో కళాకారులు వేసిన ప్రశ్నల్లో చాలా వరకు మామూలు ప్రేక్షకుడు వేయదగ్గవే. ఈ పెట్టెలోకి బొమ్మ ఎవరు పంపుతున్నారు? తిరిగి జవాబు పంపే దారి ఎందుకు లేదు? దీని ఖర్చు ఎవరు పెడుతున్నారు? అప్పటి అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ అనే మూడు నెట్‌వర్కులు దేశం మొత్తానికి సాయంత్రాలు నింపేవి. కోట్లాది ఇళ్లలో ఒకే గొంతు, ఒకే సమయం. చూసేవాడి చేతిలో ఉన్నవి రెండే: ఛానల్ మార్చడం, కట్టేయడం. టీవీ బలం ఏ ఒక్క కార్యక్రమంలోనో లేదని, ఈ అమరికలోనే ఉందని కొందరు కళాకారులు గుర్తించారు. అందుకే మంచి కార్యక్రమం తీసి చూపించడంతో వాళ్లు ఆగలేదు. అమరికలో ఏ ముడి ఎక్కడుందో వెతికి, ఒక్కో ముడినీ విప్పడానికి ప్రయత్నించారు.

పెట్టె మీద చెయ్యి వేసినవాడు

అందరికంటే ముందు పెట్టెను తెరిచినవాడు నామ్ జూన్ పైక్. 1932లో సియోల్‌లో పుట్టాడు. టోక్యోలో సంగీతం, సౌందర్యశాస్త్రం చదివి, 1956లో పశ్చిమ జర్మనీ వెళ్లాడు. అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతం కోసం రేడియో స్టూడియోలలో జరుగుతున్న ప్రయోగాలు అతన్ని పట్టేశాయి. విద్యుత్తుతో శబ్దాన్ని మలచగలిగితే బొమ్మను ఎందుకు మలచకూడదన్నది అతని ఆలోచన. 1963 మార్చిలో వుపెర్టాల్ పట్టణంలోని గాలరీ పర్నాస్‌లో తన మొదటి పెద్ద ప్రదర్శన పెట్టాడు. ఒక ఆర్కిటెక్టు తన ఇంట్లోనే నడిపే గ్యాలరీ అది. అక్కడ పియానోలతో పాటు డజనుకు పైగా పాత టీవీ సెట్లు ఉన్నాయి.

వీడియో ఆర్ట్‌కు మొదలుగా చెప్పుకునే ఈ ప్రదర్శనలో వీడియో టేపు అసలు లేనే లేదు. సెట్లలో వస్తున్నవి ఆ సాయంత్రం ప్రసారమవుతున్న మామూలు కార్యక్రమాలే. పైక్ చేసిందల్లా సెట్ల లోపలి తీగల్ని మార్చడం. ఒక సెట్‌కు రేడియోను కలిపాడు. రేడియో శబ్దం పెంచితే తెర మధ్యలోని వెలుగు చుక్క పెద్దదయ్యేది, తగ్గిస్తే చిన్నదయ్యేది. మరో సెట్‌కు టేప్‌రికార్డరు తగిలించాడు. పాట ఉద్ధృతిని బట్టి బొమ్మ సాగేది, కుంచించుకుపోయేది. ఒకచోట మైకు పెట్టి, వచ్చినవాళ్ల గొంతుతోనే తెర మీద గీతలు కదిలేలా చేశాడు.

ఒక సెట్ తీసుకొచ్చేటప్పుడే దెబ్బతింది. బొమ్మంతా నలిగి తెర మధ్యలో ఒకే అడ్డగీతగా మిగిలింది. మన ఊళ్లలో పాత టీవీ మెకానిక్కులు దీన్ని చూడగానే వర్టికల్ సెక్షన్ పోయిందని చెప్పేవారు. పైక్ దాన్ని బాగు చేయించలేదు. సెట్‌ను పక్కకు తిప్పి నిలబెట్టాడు. అడ్డగీత నిలువు గీత అయింది. దానికి ‘జెన్ ఫర్ టీవీ’ అని పేరు పెట్టాడు. ప్రసార సంస్థ ఎంతో ఖర్చు పెట్టి పంపుతున్న సందడంతా ఆ పెట్టెలోకి చేరి, నోరెత్తని ఒక్క గీతగా మారిపోయింది.

1965 నాటి ‘మాగ్నెట్ టీవీ’ది ఇంతకంటే సూటి పని. నలుపు తెలుపు టీవీ మీద పెద్ద గుర్రపునాడా అయస్కాంతం పెట్టాడు. పాత పిక్చర్ ట్యూబులో వెనకనుంచి ఎలక్ట్రాన్ల ధార ఒకటి తెరకేసి దూసుకొస్తుంది. ట్యూబు మెడ చుట్టూ ఉన్న తీగచుట్టలు తమ అయస్కాంత శక్తితో ఆ ధారను ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి గీతలు గీతలుగా నడిపిస్తాయి. అమెరికా పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, ఐరోపాలోనూ మన దేశంలోనూ 625. పైన ఇంకో బలమైన అయస్కాంతం చేరితే ధార దారి తప్పుతుంది. బొమ్మ కాస్తా వంపులు తిరిగి, రేకులు విచ్చిన పువ్వులా మారుతుంది. అయస్కాంతాన్ని జరిపితే పువ్వు ఆకారం మారుతుంది. తర్వాతి కాలంలో రంగుల టీవీ పక్కన స్పీకరు పెట్టి, తెర మూల పచ్చగానో ఊదాగానో మరకపడటం చూసినవాళ్లకు ఈ సూత్రం కొత్తేమీ కాదు.

ఇందులో తేలిన విషయం ఒకటుంది. తెర మీద కనిపించేది ఎక్కడో జరిగిన సంఘటన స్వచ్ఛంగా మన ఇంట్లోకి నడిచిరావడం కాదు. అది ఈ గదిలో, ఈ క్షణంలో ఒక ధార గీస్తున్న గీతల సముదాయం. గీసే ధారను కదిలించగలిగితే చూసేవాడు ఉత్త చూసేవాడుగా ఉండిపోడు. అయితే దీనికి హద్దు కూడా ఉంది. అయస్కాంతం ఒక గదిలోని ఒక సెట్‌నే వంచుతుంది. ప్రసార కేంద్రానికి ఆ సంగతే తెలియదు. జవాబు బయటికి పోవాలంటే సొంత బొమ్మ పుట్టించే సాధనం కావాలి.

భుజానికి తగిలించుకునే స్టూడియో

1956లో యాంపెక్స్ కంపెనీ తెచ్చిన వీడియో రికార్డరు రెండంగుళాల వెడల్పు టేపు మీద నడిచేది. బీరువా అంత యంత్రం. ఖరీదు 45,000 డాలర్లకు పైమాట. టీవీ కంపెనీలు తప్ప ఎవరూ కొనలేనిది. 1967లో సోనీ కంపెనీ అరంగుళం టేపుతో, బ్యాటరీ మీద నడిచే పరికరం అమ్మకానికి పెట్టింది. జనం దాన్ని పోర్టపాక్ అన్నారు. చేతిలో కెమెరా, భుజానికి రికార్డరు. నలుపు తెలుపు బొమ్మ. ఒక రీలు ఇరవై నిమిషాలు. మొదటి రకంలో తీసింది అక్కడే చూసుకునే వీలు లేదు. రీలును చేత్తో తిప్పి వెనక్కి చుట్టుకుని, ఇంట్లోని వేరే యంత్రంలో పెట్టి చూడాలి. 1970 ప్రాంతంలో వచ్చిన రెండో రకంలో ముప్ఫై నిమిషాల రీలు పట్టేది. కెమెరా కంటిలోనే తీసింది వెనక్కి చూసుకోవచ్చు. ధర దాదాపు 1,500 డాలర్లు. నలుగురు కలిస్తే కొనుక్కోగల వస్తువు.

ఇక్కడ ప్రచారంలో ఉన్న ఒక కథ చెప్పాలి. 1965 అక్టోబరు 4న పోప్ ఆరవ పాల్ న్యూయార్క్ వచ్చినప్పుడు, పైక్ అప్పుడే కొన్న పోర్టపాక్‌తో ట్యాక్సీలోంచి ఆ ఊరేగింపు తీసి, అదే రాత్రి ఒక కాఫీ క్లబ్బులో చూపించాడట. వీడియో ఆర్ట్ పుట్టిన రోజు అదేనని చాలా పుస్తకాలు రాశాయి. పైక్ ఆ నెలలో అక్కడ టేపులు చూపించిన మాట నిజమే. కానీ బ్యాటరీతో నడిచే పోర్టపాక్ మార్కెట్లోకి వచ్చింది రెండేళ్ల తర్వాత. 1965లో దొరికే సోనీ యంత్రం గోడలోని కరెంటు ప్లగ్గు లేకుండా నడవదు. ట్యాక్సీలో కూర్చుని తీయడం ఎలా కుదురుతుందన్నదే చరిత్రకారుల సందేహం. పుట్టిన రోజు కథ అందంగా ఉంది గానీ యంత్రం వయసు దానితో కలవడం లేదు.

యంత్రం దొరికింది. దానితో తీసిన బొమ్మను ప్రసారం చేయమని టీవీ స్టేషనుకు తీసుకెళ్తే మాత్రం ఇంజనీరు తిప్పి పంపేవాడు. కారణం అభిప్రాయ భేదం కాదు, సింక్. ప్రతి గీత సరిగ్గా ఎప్పుడు మొదలవాలో టీవీకి చెప్పే చిన్న సంకేతం అది. గీత గీతకూ మధ్య కాలం సెకనులో పదిహేను వేలో వంతు మాత్రమే. పోర్టపాక్‌లో టేపు కాస్త బిగిసినా, సడలినా, మోసేవాడు నడుస్తూ కుదిపినా ఆ లెక్క తప్పుతుంది. గీతలు కొన్ని ముందు, కొన్ని వెనక మొదలవుతాయి. బొమ్మలో నిటారుగా ఉండాల్సిన తలుపు అంచు పైభాగంలో జెండాలా ఒక పక్కకు ఊగుతుంది. ఇంట్లో మానిటర్ మీద అది సర్దుకుంటుంది గానీ ప్రసార యంత్రాలకు ఆ మాత్రం తేడా పనికిరాదు. ఆ విధంగా ఎవరు మాట్లాడవచ్చు, ఎవరు మాట్లాడకూడదు అన్నది సెన్సారు ప్రమేయం లేకుండా సాంకేతిక ప్రమాణమే తేల్చేసేది. ‘ప్రసార నాణ్యత’ అన్న ఒక్క మాట చాలు, తలుపు మూసుకునేది.

జోన్ జోనాస్ ఈ సింక్ తప్పడాన్నే కళగా మార్చింది. 1972లో చేసిన ఆమె టేపు పేరు ‘వర్టికల్ రోల్’. పాత టీవీల్లో వి-హోల్డ్ బటన్ పక్కకు జరిగితే బొమ్మ దొర్లుకుంటూ పోయేది గుర్తుందా? ఇరవై నిమిషాల పాటు ఆ టేపులో బొమ్మ అలాగే దొర్లుతుంది. మధ్యలోని నల్ల పట్టీ దిగినప్పుడల్లా చెంచాతో కొట్టిన చప్పుడు. తెర మీద ఆమె ముఖం, కాళ్లు, చేతులు ముక్కలుగా వచ్చి వెళ్తుంటాయి. సినిమాల్లో, ప్రకటనల్లో ఆడవాళ్ల దేహాన్ని నింపాదిగా చూడటానికి అలవాటుపడిన కంటికి ఇక్కడ ఒక్క క్షణం కూడా నిలకడ దొరకదు. మెకానిక్కును పిలవాల్సిన లోపాన్ని ఆమె చూపును అడ్డుకునే సాధనంగా వాడింది.

మయామీలో కెమెరా ఎటు తిరిగింది

పోర్టపాక్ చేతికొచ్చిన వాళ్లలో కొందరు గ్యాలరీల జోలికి పోకుండా నేరుగా వార్తల వైపు నడిచారు. 1972లో మైకెల్ షాంబర్గ్, అలెన్ రక్కర్, మేగన్ విలియమ్స్ తదితరులు టీవీటీవీ పేరుతో ఒక బృందం కట్టారు. ఆ వేసవిలో అమెరికాలోని రెండు పెద్ద పార్టీలూ మయామీ బీచ్‌లోనే మహాసభలు పెట్టాయి. కొన్ని కేబుల్ సంస్థలు ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో, పత్రికా విలేకరుల్లా ప్రవేశ పత్రాలు సంపాదించి వీళ్లూ వెళ్లారు. నెట్‌వర్కుల మనుషులు వందల్లో, వీళ్లు ఇరవై ముప్ఫై మంది. నెట్‌వర్కుల కెమెరాలు బరువైన స్టాండ్ల మీద, పెద్ద లైట్ల మధ్య వేదికకేసి చూస్తూ నిలబడ్డాయి. వీళ్ల కెమెరాలు చేతుల్లో ఉన్నాయి. మామూలు గది వెలుతురులోనే పనిచేస్తాయి. కాబట్టి ఎటైనా పోవచ్చు.

రిపబ్లికన్ సభ మీద వాళ్లు తీసిన ‘ఫోర్ మోర్ ఇయర్స్’ అనే గంట టేపులో నిక్సన్ ప్రసంగం ప్రధానం కాదు. పార్టీ యువజన దళం జేజేలు ఎప్పుడు కొట్టాలో, ఎంత ఉత్సాహంగా కొట్టాలో ముందుగా సాధన చేయడం ఉంది. టీవీలో ఉప్పొంగిన ఆనందంలా కనిపించింది పొద్దున రిహార్సల్ చేసిన పని అని దాంతో తెలిసిపోతుంది. వియత్నాం యుద్ధంలో దెబ్బతిన్న మాజీ సైనికులు బయట వీధుల్లో చేస్తున్న నిరసన ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు. వాళ్లు కెమెరాను వార్తాహరుల మీదికే తిప్పడం ఇంకో ఎత్తు. పెద్ద పేరున్న నెట్‌వర్కు విలేకరుల్ని పట్టుకుని, వార్త అంటే ఏమిటి, మీరు చెప్పేదాన్ని జనం ఎంతవరకు నమ్మాలి అని అడిగారు. అప్పటి అమెరికాలో అందరికంటే నమ్మకస్తుడని పేరున్న వాల్టర్ క్రాంకైట్ స్వయంగా, జనం ఒక్క మాధ్యమాన్నే నమ్ముకోకూడదని ఆ కెమెరా ముందు చెప్పాడు. తన బులెటిన్‌లో అలా చెప్పే సందర్భం ఆయనకు ఉండేది కాదు.

ఈ టేపుల్లో వ్యాఖ్యాత గొంతు ఉండదు. తీసినవాళ్లు తామే ప్రశ్నలు వేస్తుంటారు, ఒక్కోసారి బొమ్మలోకి వచ్చేస్తారు. చూసేవాడికి ఎవరు తీస్తున్నారో, ఎక్కడ నిలబడి తీస్తున్నారో తెలుస్తుంటుంది. నెట్‌వర్కు వార్తలో సరిగ్గా ఇదే తెలియదు. అక్కడ బొమ్మ ఎవరి కన్నూ కానట్టు, నిజమే నేరుగా వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక సింక్ సంగతి. 1970ల మొదట్లో టైమ్ బేస్ కరెక్టర్ అనే డిజిటల్ పరికరం వచ్చింది. వంకరగా వచ్చే గీతల్ని అది తన జ్ఞాపకంలో కాసేపు పట్టి ఉంచి, ఒక్కోదాన్నీ సరైన సమయానికి విడుదల చేస్తుంది. దాని సాయంతో టీవీటీవీ తీసిన ‘ది లార్డ్ ఆఫ్ ది యూనివర్స్’ 1974లో పీబీఎస్ ద్వారా అమెరికా అంతటా ప్రసారమైంది. అరంగుళం పోర్టపాక్ టేపు మీద తీసిన డాక్యుమెంటరీ జాతీయ స్థాయిలో రావడం అదే మొదలు. విషయానికి మన దేశంతో సంబంధం ఉంది. హరిద్వార్‌లో పుట్టి అమెరికా వెళ్లిన గురు మహరాజ్‌జీ పదిహేనేళ్ల వయసులో, 1973 నవంబరులో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో జరిపిన భారీ సభ గురించి ఆ టేపు. మార్పు ఎక్కడ వచ్చిందో గమనించాలి. టీవీ పెద్దల మనసు కరిగి ఈ టేపు లోపలికి రాలేదు. గేటుకు ఉన్న తాళం సాంకేతికమైనది, తాళంచెవి కూడా సాంకేతికంగానే దొరికింది.

ప్రసారం మధ్యలోకి దూరినవాళ్లు

టేపు తీసి గేటు దగ్గర నిలబడటం ఒక దారి. ప్రసారంలోనే కొన్ని నిమిషాలు సంపాదించడం మరో దారి. 1971 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో స్కాటిష్ టీవీ ప్రేక్షకులు తమ కార్యక్రమాల మధ్య ఉన్నట్టుండి వింత దృశ్యాలు చూశారు. ఖాళీ తెర మూలలో ఒక కుళాయి కనిపిస్తుంది. తిప్పగానే నీళ్లు పడతాయి. టీవీ పెట్టె అనే తొట్టి నిండుతున్నట్టు నీటి మట్టం తెర అడుగునుంచి పైకి వస్తుంది. కుళాయి మాయమవుతుంది. కాసేపటికి నీళ్లు దిగిపోవడం మొదలవుతుంది, మట్టం మాత్రం ఏటవాలుగా ఉంటుంది. ముందు ప్రకటన లేదు, పేరు లేదు, వెనక వివరణ లేదు. వెంటనే మామూలు కార్యక్రమం వచ్చేస్తుంది.

చేసినవాడు బ్రిటిష్ కళాకారుడు డేవిడ్ హాల్. అలాంటివి పది చేశాడు. వాటిలో ఏడింటిని తర్వాత ‘టీవీ ఇంటరప్షన్స్’ పేరుతో చూపించాడు. పేరు వేయకపోవడమే ఇందులో కీలకం. ‘ఇప్పుడు ఒక కళాఖండం చూస్తారు’ అని ముందే చెప్తే ప్రేక్షకుడు దానికి తగిన అర వెతికి అందులో పెట్టేసుకుంటాడు. ఏమీ చెప్పకపోతే ఒక్క నిమిషం పాటు ఆ వస్తువు దాని నిజరూపంలో కనిపిస్తుంది: గదిలో ఒక మూల నిలబడిన గాజు ముఖం పెట్టె. కానీ ఇది ప్రసార సంస్థ అనుమతితో, ఆర్ట్స్ కౌన్సిల్ మద్దతుతో జరిగిందన్న సంగతి మరచిపోకూడదు. తలుపు బద్దలు కొట్టలేదు, కాసేపు తెరిచారు.

లాస్ ఏంజెలిస్‌లో క్రిస్ బర్డెన్ ఎవరి అనుమతీ అడగలేదు. డబ్బిచ్చి సమయం కొన్నాడు. 1973లో ఒక స్థానిక ఛానల్లో అర్ధరాత్రి దగ్గర్లో పది సెకన్ల ప్రకటనలు కొన్ని వారాల పాటు వచ్చేలా చేశాడు. అందులో అతను చేతులు వెనక్కి పెట్టుకుని, పగిలిన గాజు ముక్కల మీద పొట్టతో పాకుతుంటాడు. దానికి ముందు సబ్బు ప్రకటన, తర్వాత ఇంకేదో సరుకు. దీనిలో అమ్మేదేమీ లేదు. 1976లో ఇంకొక ప్రకటన కొన్నాడు. లియొనార్డో డావించి, మైకెలాంజెలో, రెంబ్రాంట్, వాన్‌గో, పికాసో అని ఒక్కో పేరూ తెర మీద పెద్దదవుతూ వస్తుంది, చివర క్రిస్ బర్డెన్. మొదటి అయిదు పేర్లూ అమెరికన్లకు బాగా తెలిసిన కళాకారులెవరన్న సర్వేలోంచి తీసుకున్నవి. ఆరో పేరు కొన్న సమయంలోంచి వచ్చింది. కీర్తి అన్నది టీవీలో గంటలకూ సెకన్లకూ ధర కట్టి అమ్మే సరుకు అని వేరే వ్యాఖ్యానం అక్కర్లేకుండా తేలిపోయింది. సెర్రా టేపు అక్షరాల్లో చెప్పిన మాటను బర్డెన్ రసీదుతో రుజువు చేశాడు.

టీవీ బొమ్మనే పట్టుకుని

1970ల చివరికి ఇంకో తరం వచ్చింది. సొంత బొమ్మ తీయడం కంటే, టీవీ వేసిన బొమ్మనే తీసుకుని దానితోనే దాన్ని ప్రశ్నించాలన్నది వాళ్ల పట్టుదల. డారా బర్న్‌బామ్ 1978-79లో చేసిన ‘టెక్నాలజీ/ట్రాన్స్‌ఫర్మేషన్: వండర్ ఉమన్’ దీనికి మంచి ఉదాహరణ. అప్పట్లో వండర్ ఉమన్ అమెరికాలో పేరున్న సీరియల్. మామూలు ఆఫీసు ఉద్యోగి డయానా గిర్రున తిరుగుతుంది, ఫెళ్లుమని వెలుగు, ఆమె వీరవనితగా మారిపోతుంది.

బర్న్‌బామ్ టేపు ఆ పేలుడుతోనే మొదలవుతుంది. పేలుడు, మళ్లీ పేలుడు, మళ్లీ పేలుడు. తర్వాత ఆమె తిరుగుతుంది, మారుతుంది. వెంటనే మళ్లీ మొదటికి. తిరుగుతుంది, మారుతుంది. కథలో ఒక్క సెకను వచ్చిపోయే మాయను వరసగా ఇన్నిసార్లు చూసేసరికి మాయ పోయి, దాని లోపలి అమరిక కనిపిస్తుంది. మారకముందు, మారిన తర్వాత తేడా ఏమిటి? బట్టలు. ఈ ఆడమనిషికి టీవీ ఇస్తున్నవి రెండే వేషాలు: కళ్లజోడు పెట్టుకున్న అణకువ, లేదా పొట్టి దుస్తుల్లోని అద్భుతం. ఆ రెంటికీ మధ్య బతికే మనిషికి చోటు లేదు. ఆరు నిమిషాలు కూడా లేని టేపు చివర ఆ సీరియల్ మీద వచ్చిన డిస్కో పాట వినిపిస్తుంది, మాటలు నీలం తెర మీద అక్షరాలుగా పైకి జరుగుతాయి. విడిగా వింటే హుషారైన పాట. అలా రాసి చూపిస్తే అందులో ఎంత కామప్రస్తావన దాగి ఉందో కంటికి ఆనుతుంది.

ఇది అప్పట్లో ఎంత కష్టమైన పనో ఇప్పుడు ఊహించడం కష్టం. ఇళ్లలో వీడియో రికార్డర్లు ఇంకా పలచగానే ఉన్నాయి. టీవీలో వచ్చింది వచ్చినట్టే పోయేది. తెలిసినవాళ్ల ద్వారా టీవీ స్టూడియోలలోంచి టేపులు సంపాదించుకుని ఆమె ఈ పని చేసింది. కూర్పు కూడా సినిమాలో లాగా కత్తిరించి అతికించడం కాదు. రెండు యంత్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కావలసిన ముక్కను కావలసిన చోట మళ్లీ మళ్లీ ఎక్కించుకోవాలి. తీసుకున్న బొమ్మకు హక్కుదారు వేరే ఉన్నాడు. బొమ్మ మన ఇంట్లోకి అడక్కుండా వస్తుంది, మనం మాత్రం దాన్ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఈ ఎగుడుదిగుడునే ఆమె ఎత్తి చూపింది.

ఎంతవరకు గెలిచారు

వీళ్లు టీవీని ఓడించలేదు. 1975 జులై 4న శాన్ ఫ్రాన్సిస్కో పక్కన యాంట్ ఫామ్ అనే బృందం, మంటలంటుకున్న టీవీ సెట్ల గోడలోకి ఒక క్యాడిలాక్ కారును దూకించింది. ఆ ‘మీడియా బర్న్’ దృశ్యం ఎక్కువమందికి ఎలా చేరింది? వార్తలు తీయడానికి వచ్చిన స్థానిక టీవీ ఛానళ్ల ద్వారానే. ఆ వార్తల ముక్కల్ని కూడా యాంట్ ఫామ్ తన టేపులో కలుపుకుంది. టీవీని ఎగతాళి చేసే పనికి కూడా టీవీయే కావాల్సి వచ్చింది. నెల తిరక్కుండానే, ఆగస్టు 1న, మన దేశంలో సైట్ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఒక ఏడాది పాటు టీవీ వచ్చింది. అక్కడ టీవీతో తలమునకలైనవాళ్లు దాన్ని తగలబెడుతుంటే, ఇక్కడ పల్లె జనం మొదటిసారి దాని ముందు గుమిగూడారు. వీడియో ఆర్ట్ కోపం అన్ని దేశాలకూ ఒకేలా వర్తించేది కాదు. అది ప్రకటనలతో నడిచే, ఇంటింటా సెట్ ఉన్న సమాజంలోంచి పుట్టింది. అయితే ఒకటి మాత్రం రెండుచోట్లా సమానం: బొమ్మ వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు.

టేపులకు ఇంకో శత్రువు కాలం. అరంగుళం టేపు మీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమను పీల్చుకుని, ఏళ్లు గడిచాక బంకలా అవుతుంది. యంత్రంలో పెట్టగానే కీచుమని అరుస్తుంది, పొడి రాలి హెడ్డుకు అంటుకుంటుంది. అలాంటి టేపును తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి, తాత్కాలికంగా ఆరబెట్టి, ఆ కొద్ది వ్యవధిలోనే కొత్త రూపంలోకి ఎక్కించుకోవాలి. పైక్ పనులది వేరే చిక్కు. అయస్కాంతానికి లొంగేది పాత ట్యూబే. చదునైన కొత్త తెరల్లో వంచడానికి ధారే లేదు. అందుకే మ్యూజియంలు ఎవరూ తయారు చేయని పాత పిక్చర్ ట్యూబుల్ని వెతికి దాచుకుంటున్నాయి.

ఈ తరం ప్రేక్షకుడికి వీటిలో చాలా టేపులు మామూలుగా అనిపించవచ్చు. సీరియల్ ముక్కను పదిసార్లు తిప్పి వేయడం, సభలో వేదికను వదిలి పక్కవాళ్లను తీయడం, విలేకరినే నిలదీయడం ఇప్పుడు ఫోన్ ఉన్న ఎవరైనా చేస్తున్నదే. వీటిని చూసేటప్పుడు ఆనాడు ఏది అసాధ్యమో గుర్తుపెట్టుకోవాలి: ముట్టుకోవడం, తీయడం, పంపడం, తిరిగి వాడుకోవడం. ఈ నాలుగు ముడులూ యాభై ఏళ్లలో చాలావరకు విడిపోయాయి. అయిదోది సెర్రా, స్కూల్‌మన్ టేపు అడిగినది, ఖర్చు ఎవరు పెడుతున్నారు, బదులుగా ఏం తీసుకుంటున్నారు అన్నది. మనం తీసిన బొమ్మను ఉచితంగా మోసుకెళ్లే కంపెనీల ఆదాయం కూడా ప్రకటనల మీదే ఆధారపడి ఉన్నంత కాలం, నీలం తెర మీది ఆ అక్షరాల్లో ‘టెలివిజన్’ అన్న మాట ఒక్కటి మారిస్తే సరిపోతుంది. మిగతాదేదీ దిద్దనక్కర్లేదు.